భోజనాల బల్లకు ఏ పూత?

టేకు డైనింగ్ టేబుల్ ఉన్న ఇళ్లలో చెక్క చెడిపోవడం చాలా అరుదు. ముందు చెడేది పైపూత. పొయ్యి మీంచి దించిన సాంబారు గిన్నె తిన్నగా బల్ల మీదికే వస్తుంది. అడుగు తడిసిన స్టీలు గ్లాసులు గంటల తరబడి అక్కడే ఉంటాయి. ఆవకాయ నూనె, పసుపు, పులుసు ఒలుకుతూనే ఉంటాయి, పూటకోసారి తడిగుడ్డతో తుడుస్తూనే ఉంటాం. బీరువాకో మంచానికో పదేళ్లు నిలిచే పాలిష్ ఈ బల్ల మీద రెండేళ్లకే తెల్లటి వలయాలుగా, మచ్చలుగా మారడానికి కారణం ఇదే.

కొట్టుకెళ్తే లాకర్, వార్నిష్, నూనె, మైనం అని నాలుగు రకాలు చూపిస్తారు. వాటిలో ఏది గట్టిదని అడిగితే ఎవరికి నచ్చింది వారు చెబుతారు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇది ఎలా ఆరుతుంది? పూత ఆరే తీరు తెలిస్తే అది దేనికి పాడవుతుందో, పాడయ్యాక బాగుచేయడం ఎంత కష్టమో కూడా తెలిసిపోతుంది.

ముందు లాకర్ సంగతి. పాలిష్ మేస్త్రీలు ఎన్‌సీ లాకర్ అనేది నైట్రోసెల్యులోజ్‌ను థిన్నర్‌లో కరిగించి చేసినది. కొట్టాక థిన్నర్ ఆవిరైపోతుంది, మిగిలిన పదార్థం పొరగా నిలుస్తుంది. అంతకుమించి అందులో ఏ మార్పూ జరగదు. అందుకే అరగంటలో చేతికి అంటకుండా ఆరుతుంది, దుమ్ము పడే వ్యవధి ఉండదు. కొత్త పూత వేస్తే పాత పూతను కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది కాబట్టి అతుకు కనిపించదు. మేస్త్రీలకు అది ఇష్టమంటే అర్థముంది. కానీ థిన్నర్‌తో ఆరినది థిన్నర్‌తోనే మళ్లీ కరుగుతుంది, వేడికీ మెత్తబడుతుంది. శానిటైజర్, సెంటు చుక్కలు పడ్డా మచ్చ పడవచ్చు. వానాకాలంలో కొడితే గాలిలో తేమ పొరలో చిక్కుకుని పాలిపోయినట్టు తెల్లగా వస్తుంది. చాలా ఇళ్లలో బల్ల మెరుపు పోకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరుస్తారు. ఆ షీటును మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా లాకర్‌లోకి దిగి దాన్ని జిగటగా మారుస్తుంది. ఏడాది తర్వాత షీటు తీయబోతే పాలిష్ దానికే అతుక్కుని లేచి వస్తుంది.

స్పిరిట్‌లో కరిగించిన లక్కతో వేసే ఫ్రెంచ్ పాలిష్‌దీ ఇదే కథ. ఏటికొప్పాకలో బొమ్మ తిరుగుతుండగా దానికి లక్క కడ్డీని ఒత్తిపెడతారు. ఆ రాపిడికి పుట్టే వేడి చాలు, లక్క కరిగి అంకుడు కర్రకు పట్టేస్తుంది. బొమ్మకు అది వరం. మరుగుతున్న సాంబారు గిన్నె కింద అదే గుణం శాపమవుతుంది.

లాకర్ డబ్బాల పక్కనే మెలమైన్, పీయూ పాలిష్ అని రెండు డబ్బాల జతలు కనిపిస్తాయి. అవి వేరే జాతి. గట్టిపరిచే ద్రవం కలిపాక రసాయన చర్యతో గట్టిపడతాయి, ఆపైన థిన్నర్‌కు కరగవు. దుమ్ము లేని గదిలో చేయి తిరిగిన మేస్త్రి స్ప్రే చేసిన పీయూ పూత ఈ మొత్తంలో అన్నిటికన్నా గట్టిది. అయితే అది పెచ్చుగా లేచినా లోతుగా గీత పడినా ఆ ఒక్కచోట బాగుచేయడం కుదరదు. పైభాగమంతా గీకి, మళ్లీ స్ప్రే చేయించాలి. మెలమైన్ ఆరేటప్పుడు కళ్లు మండించే ఘాటైన ఫార్మాల్డిహైడ్ వాసన వదులుతుంది. నివాసమున్న ఇంట్లో, పిల్లలుండగా ఆ పని పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

మైనానికి పెద్దగా చోటు అక్కర్లేదు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల వేడికే కరుగుతుంది, పొయ్యి దించిన గిన్నె అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. కాళ్లకూ కుర్చీలకూ రాసుకోండి, నునుపుగా బాగుంటాయి. బల్ల పైభాగానికి మాత్రం వద్దు. ఒకసారి మైనం పట్టిన చెక్క మీద తర్వాత వార్నిష్ వేయాలనుకుంటే అది పట్టదు, చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది.

నూనె దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దాన్ని ప్రేమించేవారికి సరైన కారణముంది. అవిసె నూనె, టంగ్ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడతాయి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె అలా గట్టిపడవు. అవి చెక్కలో జిడ్డుగా మిగిలి ముక్కవాసన కొడతాయి, కాబట్టి వంటింటి సీసా ముట్టుకోవద్దు. గుడ్డతో పలచగా రాసి, పావుగంటకో ఇరవై నిమిషాలకో మిగులంతా తుడిచేసి, మర్నాడు మళ్లీ రాస్తే మూడు నాలుగు పూతలకు టేకు చారలు లోలోపలి నుంచి వెలుగుతాయి. ఇంత సహజమైన అందం మరే పూతా ఇవ్వదు. మచ్చ పడితే అంత మేర గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నూనె రాస్తే సరిపోతుంది.

మన భోజనం దగ్గరే దీని చిక్కు. నూనె చెక్కలోకి ఇంకుతుంది తప్ప పైన పొరగా నిలవదు. పసుపులోని రంగు పదార్థం నీటిలో సరిగా కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. ఆవకాయ నూనెతో పాటు అది చెక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది. కంగారుపడి బట్టల సబ్బుతో రుద్దితే సబ్బులోని క్షారానికి పసుపు మచ్చ ఎర్రగా మారి మరింత భయపెడుతుంది. అలాంటప్పుడు రుద్దడం ఆపి, బల్లను కొన్నాళ్లు కిటికీ ఎండ తగిలేలా జరపండి. పసుపు రంగు వెలుతురుకు విరిగి వెలిసిపోతుంది, నూనె మరక మాత్రం ఉంటుంది. ఇద్దరే ఉండే ఇల్లు, ఆరేడు నెలలకోసారి నూనె రాసే ఓపిక, గిన్నె కింద చాప వేసే అలవాటు ఉంటే నూనెను ఎంచుకోవచ్చు. పిల్లలు తినే బల్లకు అది చాలదు. ఇంకో హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరే క్రమంలో పుట్టే వేడి లోపల పేరుకుని వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

వార్నిష్ కూడా ఆక్సిజన్‌తోనే గట్టిపడుతుంది. ఆరే నూనెలో రెసిన్ కలిపి చేస్తారు కాబట్టి నూనెకున్న వెచ్చటి రంగుతో పాటు పైన ఒక పొర కూడా వస్తుంది. ఆరాక థిన్నర్‌కు తొందరగా కరగదు, వేడినీ తడినీ లాకర్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఒకే డబ్బాలో వచ్చే పాలీయురేథేన్ వార్నిష్‌ను కుంచెతోనో గుడ్డతోనో ఇంట్లోనే వేయవచ్చు, స్ప్రే అక్కర్లేదు. రోజూ వాడే బల్లకు నేను చెప్పేది ఇదే. పీయూ స్ప్రే అంత గట్టిది కాదు, కానీ అరిగిన రోజున బాగుచేయడం ఇంటివాళ్ల చేతిలో పని. మెరైన్ వార్నిష్ అని రాసి ఉంటే ఇంకా గట్టిదనుకుని కొనేస్తారు. ఎండలో ఉబ్బి కుదించుకునే చెక్కతో పాటు సాగాలని దాన్ని మెత్తగా చేస్తారు, కాబట్టి పళ్లేల రాపిడికి అది తగదు. అద్దంలా మెరిసేదాని కన్నా శాటిన్ రకం మేలు, స్టీలు పళ్లేల గీతలు అంతగా కనబడవు.

కాకినాడలో మా బంధువుల ఇంట్లో అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న టేకు బల్లకు ఈ పని చేశాం. దాని నిండా తెల్లటి వలయాలు, కిటికీ వైపు ఒక నల్ల మచ్చ. తెల్లగా ఉంటే తడి పూతలోనే ఆగిందని అర్థం. నల్లగా ఉంటే నీరు చెక్కను చేరి, ఇనుముతో కలిసి మరక పడిందని అర్థం. పాత పూత ఏదో తెలుసుకోవడానికి బల్ల అడుగున మూలగా స్పిరిట్‌లో ముంచిన దూది కాసేపు ఉంచాం. జిగట రాలేదు, అంటే లక్క కాదు. తర్వాత థిన్నర్ దూది పెట్టగానే మెత్తబడింది. లాకర్ అని తేలింది. అది కూడా కదలకపోతే మెలమైన్, పీయూ, వార్నిష్‌లలో ఏదో ఒకటి అనుకోవాలి.

గీకుడు బిళ్లతో పాత పొర తీసి, 120, 180, 220 నంబర్ల గరుకు కాగితాలతో చెక్క చారల వెంటే రుద్దాం. నల్ల మచ్చ పలచబడింది గానీ పూర్తిగా పోలేదు, అలాగే వదిలేశాం. టేకుతో ఉన్న ఒక పేచీ ఇక్కడే వస్తుంది. ఆ చెక్కలో సహజంగా ఉండే జిడ్డు వార్నిష్‌ను ఆరనివ్వదు. వారం గడిచినా వేలికి అంటుకుంటోందంటే సాధారణంగా తప్పు డబ్బాది కాదు, ఈ జిడ్డుదే. థిన్నర్‌తో తడిపిన తెల్లగుడ్డతో పసుపుపచ్చటి మురికి రావడం తగ్గేదాకా తుడిచి, లోపలి జిడ్డు మళ్లీ పైకి రాకముందే, గంటలోపే మొదటి పూత మొదలుపెట్టాం.

మొదటి పూతకు వార్నిష్, మినరల్ టర్పెంటైన్ సమానంగా కలిపి గుడ్డతో రాశాం. ఆపై మూడు పూతలు దాదాపు కలపకుండానే, కుంచెతో పలచగా. పదిహేను చదరపు అడుగుల బల్లకు అరలీటరు డబ్బా సరిపోయింది. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగి 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. ఆ రుద్దుడే పరీక్ష కూడా. పొడి తెల్లగా రాలితే పూత ఆరినట్టు. కాగితానికి ఉండలుగా చుట్టుకుంటే ఆరలేదు, ఆ రోజుకు ఆపేయాలి. సముద్రం పక్క ఊళ్లలో ముసురు పట్టిన రోజున ఒక రోజు రెండు రోజులవుతుంది, తొందరపడితే కింది పొర మెత్తగానే ఉండిపోతుంది.

చివరి పూత తర్వాత మూడు రోజులకు చల్లటి పళ్లేలు పెట్టుకోవచ్చు. లోపలిదాకా గట్టిపడటానికి మాత్రం మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా వేడి గిన్నెలు, బల్లపై గుడ్డలు వద్దు. ప్లాస్టిక్ షీటు ఆ తర్వాత కూడా పరచకపోవడమే మంచిది. మూడు నాలుగు వారాల తర్వాత కూడా గిన్నె కింద ఒక పీట తప్పదు. ఏ పూతా మరిగే గిన్నెను నేరుగా మోయడానికి పుట్టలేదు.

మళ్లీ పూత ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి తినేవారి ముంజేతులు ఆనే అంచు దగ్గర నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, ముందు అరిగేది అక్కడే. పావుగంట తర్వాత తుడిస్తే చెక్క రంగు మారకపోతే పూత బాగానే ఉంది. ముదురు రంగు మరక కనిపిస్తే సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, ఆరాక 320 కాగితంతో పైపైన రుద్ది ఒక్క పూత వేస్తే చాలు. ఇంకో ఏడాది ఆగుదామనుకుంటే నీరు చెక్కలోకి దిగుతుంది, మళ్లీ గీకుడు బిళ్లతో మొదలుపెట్టాల్సి వస్తుంది.