ప్రొఫైల్‌లో ‘నా గురించి’: అమ్మాయి తన మాటల్లో ఏం రాయాలి?

పెళ్లి సంబంధాలను దినపత్రికల్లో వెతుక్కునే రోజుల్లో ప్రకటనకు మాటకింత, లైనుకింత అని డబ్బు కట్టాల్సి వచ్చేది. అందుకే ‘వరుడు కావలెను’ అన్న శీర్షిక కింద వయసు, ఎత్తు, చదువు, గోత్రం, నక్షత్రం, ఉద్యోగం తప్ప ఇంకో మాటకు చోటుండేది కాదు. 1990ల చివర్లో పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు వచ్చాక ఆ వివరాలన్నింటికీ విడివిడిగా గడులు ఏర్పడ్డాయి. వాటితోపాటు ‘నా గురించి’ అన్న ఖాళీ పెట్టె కూడా వచ్చింది. దానికి లైనుకింత అని లెక్క లేదు. అమ్మాయి తన గొంతుతో మాట్లాడగలిగే చోటు ప్రొఫైల్ మొత్తంలో అదొక్కటే. చాలా ఇళ్లలో ఆ పెట్టెను నింపేది నాన్నో బాబాయో. గడుల్లో ఉన్న వివరాలే అందులో మళ్లీ వచ్చి కూర్చుంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మధిరలో ఎరువుల దుకాణం నడిపే కుటుంబంలోని అమ్మాయి అనుకోండి. 28 ఏళ్లు. ఈసీఈలో బీటెక్ చేసి, గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. కొండాపూర్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్‌లో ఉంటోంది. తమ్ముడు వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాడు. ఇంట్లో వాళ్లు రాసిన పేరా ఇలా ఉంటుంది:

“మా అమ్మాయి అందంగా, అణకువగా ఉంటుంది. సంప్రదాయ కుటుంబం, ఆధునిక భావాలు. పెద్దలంటే గౌరవం. అన్ని వంటలూ వచ్చు. పెద్ద ఎమ్మెన్సీలో మంచి ప్యాకేజీ. విలువలున్న కుటుంబం నుంచి, బాగా స్థిరపడిన, అర్థం చేసుకునే వరుడు కావాలి.”

ఇందులో అబద్ధం లేకపోవచ్చు. అయితే ఈ పేరాను ఇంకే అమ్మాయి ఫొటో కింద పెట్టినా సరిపోతుంది. చదివిన కుటుంబానికి ‘ఈ సంబంధం మనకు కుదురుతుంది’ అనుకోవడానికి గానీ, ‘మనకు కుదరదులే’ అనుకోవడానికి గానీ ఆధారం దొరకదు. నేను ప్రతి వాక్యానికీ పెట్టే పరీక్ష ఇదే: ఇది చదివి ఎవరైనా ఒకరు వెనక్కి తగ్గే వీలుందా? లేకపోతే ఆ వాక్యం ఏమీ చెప్పలేదన్నమాట. ముందే తప్పుకున్న కుటుంబం వల్ల పెళ్లిచూపుల దాకా వెళ్లి, స్వీట్లు పెట్టి, ఆ తర్వాత ‘కబురు చేస్తాం’ అన్న మాట కోసం వారాలపాటు ఎదురుచూసే బాధ తప్పుతుంది.

ముందుగా ఉద్యోగం సంగతి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చాలామంది తల్లిదండ్రులకు జీతాన్నే చెబుతుంది, రోజు ఎలా గడుస్తుందో చెప్పదు. మన అమ్మాయి కంపెనీ కస్టమర్లు అమెరికా తూర్పు తీరంలో ఉన్నారు. న్యూయార్క్‌లో ఉదయం 9 అయ్యేసరికి మనకు సాయంత్రం 6:30 అవుతుంది, చలికాలంలో అయితే 7:30. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ కుదిరేది మన రాత్రి వేళే. వారంలో రెండు రోజులు ఆమెకు రాత్రి పది దాకా కాల్స్ ఉంటాయి. కొన్ని వారాలకోసారి ఆన్‌కాల్ వంతు వస్తుంది. ఆ వారమంతా రాత్రి ఏ వేళ ఫోన్ మోగినా లేచి ల్యాప్‌టాప్ తెరవాలి. పెళ్లయిన నెలకే కోడలు రాత్రి తొమ్మిదింటికి గది తలుపు వేసుకుని ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ ఉంటే, ముందే తెలిసిన అత్తగారు “పనిలో ఉంది” అంటారు. తెలియని అత్తగారికి అది నిర్లక్ష్యంగా తోస్తుంది. ఒక్క వాక్యం ఈ మనస్తాపాన్ని తప్పించగలదు.

జీతం అంకెను పేరాలో రాయక్కర్లేదు. దానికి వేరే గడి ఉంది. కాకపోతే, ప్యాకేజీ అని చెప్పే మొత్తంలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి వచ్చే బోనస్ కూడా కలిసి ఉంటాయి. మాటలు ముందుకు సాగితే, నెలనెలా బ్యాంకులో పడేది ఎంతో సూటిగా చెప్పుకోవడం రెండు వైపులా మంచిది.

అన్నిటికన్నా గట్టిగా ఇంట్లో వాదన జరిగేది డబ్బు పంపే విషయం మీదే. తమ్ముడి ఫీజులు ఈ అమ్మాయే కడుతోంది. అతని చదువు పూర్తవడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. ఆ తర్వాత కూడా అమ్మానాన్నలకు నెలకు కొంత పంపాలని ఆమె ఉద్దేశం. ఆ వాక్యం చూడగానే తల్లి, “ఇవన్నీ ముందే రాస్తే సంబంధాలెలా వస్తాయే?” అంటుంది. ఆమె భయంలో నిజం ఉంది. కొన్ని సంబంధాలు రావు. అయినా నా మాట మాత్రం, ఆ వాక్యాన్ని తీయొద్దనే. పెళ్లయ్యాక ఏడాదికి ఈ సంగతి బయటపడితే అది డబ్బు గొడవగా ఆగదు, ‘మాకు చెప్పకుండా దాచారు’ అన్న నిందగా మారుతుంది. అదే ముందే చెబితే, తన తల్లిదండ్రులకు తానూ డబ్బు పంపుతున్న అబ్బాయి దాన్ని చదివి ‘ఈ అమ్మాయికి నా పరిస్థితి అర్థమవుతుంది’ అనుకుంటాడు. అలాంటి అబ్బాయిలు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ఆ వాక్యాన్ని సంజాయిషీలా కాకుండా మామూలుగా రాయాలి. ‘దయచేసి అర్థం చేసుకోండి’ లాంటివి అక్కర్లేదు.

‘అన్ని వంటలూ వచ్చు’ అన్నదాన్ని కూడా నిజానికి దించాలి. ఆమెకు పప్పు, పులుసు, వేపుడు వచ్చు. పండగ వంట ఒంటిచేత్తో చేయలేదు. అదే రాయాలి.

ఆరోగ్యం విషయంలో తొందర వద్దు. ఆమె రోజూ ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఇది దాచాల్సిన సంగతి కాదు. అలాగని ముక్కూమొహం తెలియని వాళ్లందరూ చదివే పేరాలో పెట్టాల్సిందీ కాదు. ఆరోగ్యం, తప్పిపోయిన పాత నిశ్చితార్థం వంటివి పేరాలో కాకుండా మొదటి ఫోన్ సంభాషణల్లో, పెళ్లిచూపులకు ముందే, వీలైతే అమ్మాయే స్వయంగా అబ్బాయికి చెప్పాలి. తర్వాత చెబుదాంలే అని వాయిదా వేసిన కొద్దీ చెప్పడం కష్టమవుతుంది. ముహూర్తం పెట్టుకున్నాక అది ఎవరినైనా ఇరకాటంలో పెడుతుంది.

పేరాలో అసలే రాకూడనివి కొన్ని ఉన్నాయి. కంపెనీ పేరు, ఫ్లాట్ చిరునామా, ఫోన్ నంబరు అందులో పెట్టకండి. పేరు, కంపెనీ రెండూ తెలిస్తే మనిషిని వెతికి పట్టుకోవడం కష్టమేమీ కాదు. విదేశంలో ఉన్నానని పరిచయమై, బహుమతి పంపానని, అది విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఆగిందని చెప్పి డబ్బు కట్టమనే మోసాలు ఈ వెబ్‌సైట్ల ద్వారానే జరుగుతున్నాయి. జీతం, ఒంటరిగా ఉండే సంగతి గొప్పగా రాసిన ప్రొఫైళ్లు వాళ్లకు సులువుగా కనిపిస్తాయి.

చాలామంది తండ్రులకు తెలియని సంగతి ఇంకొకటి. ‘ఒక్కతే కూతురు, ఆస్తి ఉంది, తగినట్టు ఇస్తాం’ అని ప్రేమతోనే రాస్తుంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో 4ఎ అనే సెక్షన్ ఉంది. పెళ్లికి ప్రతిఫలంగా ఆస్తిలో వాటా గానీ, డబ్బు గానీ ఇస్తామని పత్రికల్లో, ఇతర మాధ్యమాల్లో ప్రకటించడాన్ని అది నేరంగా పేర్కొంటుంది. ఆ ఒక్క వాక్యం కుటుంబాన్ని చిక్కుల్లో పడేయగలదు. పైగా ఆస్తి కోసం వచ్చేవాళ్లను అది నేరుగా ఇంటికే పిలుస్తుంది.

ఇక భాష. అబ్బాయి ఇంగ్లిష్‌లో చదువుకోగలడు. కానీ ప్రొఫైల్‌ను ఫోన్‌లో మొదట చూసేది ఎక్కువగా వాళ్ల అమ్మో, అక్కో, మేనమామో. ఇంటిల్లిపాదీ వింటుండగా ఎవరో ఒకరు పైకి చదువుతారు. కాబట్టి పేరా తెలుగులో కూడా ఉండాలి, పైకి చదివితే మనిషి మాట్లాడినట్టు ఉండాలి. ‘మా అమ్మాయి’ అని కాకుండా ‘నేను’ అని మొదలుపెడితే సగం పని అదే అయిపోతుంది. ఆమె రాసుకుంటే ఇలా ఉండొచ్చు:

“నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో పుట్టి పెరిగాను. మా నాన్నగారికి ఎరువుల దుకాణం ఉంది. పరీక్షల సెలవుల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్కలు రాసేదాన్ని. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఈ పని నాకిష్టం, పెళ్లయ్యాక కూడా చేస్తాను. వారానికి రెండు రోజులు రాత్రి పది దాకా కాల్స్ ఉంటాయి. అప్పుడప్పుడూ ఒక వారమంతా అర్ధరాత్రి కూడా పని పడొచ్చు. మా తమ్ముడి చదువు నేను చూసుకుంటున్నాను. తర్వాత కూడా అమ్మానాన్నలకు నెలకు కొంత పంపుతాను. రోజువారీ వంట వచ్చు, పండగ వంటకు తోడు కావాలి. నాకు కోపం వస్తే మాట్లాడకుండా ఉండిపోతాను, కాసేపటికి నేనే వచ్చి మాట్లాడతాను. ఏడాది రెండేళ్లు విదేశంలో ఉండటానికి అభ్యంతరం లేదు, అక్కడే స్థిరపడాలని లేదు. ఇంటి పని పంచుకునే, తన తల్లిదండ్రులను ప్రేమగా చూసుకునే, నా వాళ్లను కూడా తన వాళ్లనుకునే అబ్బాయి కోసం చూస్తున్నాను. మీ కుటుంబం గురించి కూడా ఇలాగే చెబితే సంతోషిస్తాను.”

ఇందులో ‘అణకువ’, ‘విలువలు’ అన్న మాటలు లేవు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిల్ల, తమ్ముడి ఫీజు కట్టే అక్క, కాసేపటికి తానే వచ్చి మాట్లాడే మనిషి ఉన్నారు. కోపం గురించిన వాక్యాన్ని తీసేయమని పెద్దవాళ్లు తప్పకుండా అంటారు. నాకైతే పేరా మొత్తంలో నమ్మకం కలిగించేది ఆ వాక్యమే. తన లోపాన్ని ఇంత మామూలుగా చెప్పిన మనిషి మిగతావి కూడా నిజమే చెప్పి ఉంటుందని చదివేవాళ్లకు అనిపిస్తుంది. చివరి వాక్యం ప్రశ్నలడిగే హక్కు రెండు వైపులా ఉందని మర్యాదగా గుర్తుచేస్తుంది.

రాశాక దగ్గరి స్నేహితురాలికి చూపించి, ఇందులో నేను కానిది ఏదైనా ఉందా అని అడగండి. అమ్మానాన్నలతో కలిసి ఒకసారి చదవండి. వాళ్లు వద్దన్న వాక్యానికి కారణం వినండి, మాట మార్చాల్సి వస్తే మార్చండి, నిజాన్ని మాత్రం మార్చకండి. ఆ తర్వాత కూడా పేరాను గమనిస్తూ ఉండాలి. ఉద్యోగం మారినా, తమ్ముడి చదువు పూర్తయినా, ఊరు మారినా ఆ వాక్యాన్ని వెంటనే సరిచేయండి. పాత వివరాలు చూసి వచ్చిన కుటుంబంతో మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాల్సి వస్తుంది.