లాంగ్ రన్‌లో మారథాన్ పేస్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు పెంచాలి?

ఏటా జనవరిలో, సాధారణంగా మూడో ఆదివారం, ముంబై మారథాన్ జరుగుతుంది. తెల్లవారకముందే సీఎస్ఎంటీ స్టేషన్ ముందు నుంచి బయల్దేరిన ఫుల్ మారథాన్ రన్నర్లు తిరుగు దారిలో, 35వ కిలోమీటరుకు అటూఇటూగా, పెద్దర్ రోడ్ ఎత్తు ఎక్కాల్సి ఉంటుంది. చాలామంది వేగం పడిపోయేది ఆ ప్రాంతంలోనే. అలా పడిపోయినవారంతా సరిగా సాధన చేయనివారేమీ కాదు. వారిలో వరుసగా 30, 32 కిలోమీటర్ల లాంగ్ రన్‌లు పూర్తి చేసినవారూ ఉంటారు. కాకపోతే ఆ లాంగ్ రన్‌లన్నీ కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున, కబుర్లు చెప్పుకుంటూ సాగినవి. రేసు రోజు మాత్రం అవే కాళ్లను ఒక్కో కిలోమీటరుకు 50 సెకన్లు తగ్గించి పరిగెత్తమంటారు. ఆ వేగంతో వరుసగా రెండు గంటలు పరిగెత్తిన అనుభవం ఆ కాళ్లకు అప్పటిదాకా లేదు.

ఈ లోటు తీర్చడానికే లాంగ్ రన్ మధ్యలో కొన్ని కిలోమీటర్లు మారథాన్ పేస్‌తో, అంటే రేసులో పరిగెత్తాలనుకున్న వేగంతోనే పరిగెత్తే పద్ధతి వచ్చింది. అమెరికన్ కోచ్ పీట్ ఫిట్జింజర్ ప్రణాళికల్లో ఇది ముఖ్యమైన భాగం. ఇటాలియన్ కోచ్ రెనాటో కనోవా శిక్షణలో ఇదే ఆలోచన ఇంకా కఠినమైన రూపంలో కనిపిస్తుంది. వారి అంకెలు ఉన్నతస్థాయి రన్నర్లకు సరిపోతాయి. ఉద్యోగం చేసుకుంటూ వారానికి 50, 60 కిలోమీటర్లు పరిగెత్తేవారు వాటిని యథాతథంగా దించుకుంటే మోకాళ్లకే ముప్పు. అందుకే హైదరాబాద్‌లో సాధన చేసి, ముంబైలో 4 గంటల్లో మారథాన్ పూర్తి చేయాలనుకునే ఒక రన్నర్‌ను ఊహించుకుని, 16 వారాల ప్రణాళికలో ఇవి ఎక్కడ కుదురుతాయో చూద్దాం.

నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. ఈ అంకె ఆశ నుంచి పుట్టకూడదు, ఇటీవలి రేసు నుంచి రావాలి. ఈ రన్నర్ ఈమధ్యే హాఫ్ మారథాన్‌ను గంటా 54 నిమిషాల్లో పూర్తి చేశాడనుకుందాం. దాన్ని రెట్టింపు చేసి, 10 నుంచి 15 నిమిషాలు కలిపితే దాదాపు 4 గంటలు వస్తుంది. కనుక లక్ష్యం న్యాయమైనదే. అదే వ్యక్తి స్నేహితులను చూసి 3 గంటల 45 నిమిషాలకు గురిపెడితే పేస్ 5:20 అవుతుంది. అది అతనికి మారథాన్ వేగం కాదు, ఇంచుమించు హాఫ్ మారథాన్ వేగం. ఆ వేగంతో లాంగ్ రన్‌లో 16 కిలోమీటర్లు పరిగెత్తడమంటే ప్రతి రెండు వారాలకు ఒక రేసు పరిగెత్తినట్టే. జనవరి వచ్చేసరికి అతను రేసును శిక్షణలోనే ఖర్చు చేసేసి ఉంటాడు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తినవారికి చిన్న వెసులుబాటు ఉంది. ఆ ఉక్కపోత, ఆ ఎత్తుపల్లాల వల్ల అక్కడి సమయం అసలు సత్తా కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది.

ఇంతకీ ఈ వేగంతో శరీరంలో జరిగేదేమిటి? కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ సుమారు 2,000 కేలరీల శక్తినిస్తుంది. 65 కిలోల మనిషి 42 కిలోమీటర్లు పరిగెత్తడానికి 2,700 కేలరీల పైచిలుకు కావాలి. మిగతాది కొవ్వు నుంచి, దారిలో తీసుకునే చక్కెర నుంచి రావాలి. నింపాదిగా పరిగెత్తేటప్పుడు కొవ్వు వాటా ఎక్కువగా ఉంటుంది కాబట్టి నిల్వలు నెమ్మదిగా తరుగుతాయి. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది. అలసిన కాళ్లతో, తరిగిన నిల్వలతో రేసు వేగాన్ని పట్టి ఉంచడం శరీరం విడిగా నేర్చుకోవాల్సిన పని. తాజా కాళ్లతో బుధవారం పరిగెత్తే 10 కిలోమీటర్లు ఎంత వేగంగా సాగినా ఆ పని నేర్పవు.

ప్రణాళికకు వద్దాం. సెప్టెంబర్ చివర్లో మొదలయ్యే మొదటి ఐదు వారాల్లో మారథాన్ పేస్ జోలికి వెళ్లకూడదు. ఆ రోజుల్లో లాంగ్ రన్‌ను కిలోమీటరుకు 6:20 నుంచి 6:45 మధ్య ఉంచుతూ 16 నుంచి 22 కిలోమీటర్లకు చేర్చడమే పని. దూరం, వేగం రెండూ ఒకేసారి పెంచినప్పుడే పిక్కలు, మడమ దగ్గరి స్నాయువులు ఎదురు తిరుగుతాయి. పైగా అక్టోబర్ మొదట్లో హైదరాబాద్ గాలిలో ఇంకా తేమ ఉంటుంది. 5:41 అప్పుడు ఉండాల్సిన దానికన్నా బరువుగా అనిపించి, లక్ష్యం మీదే అనుమానం పుట్టిస్తుంది.

మొదటి బ్లాక్ రేసుకు 11 వారాల ముందు, నవంబర్ మొదట్లో వస్తుంది. మొత్తం 22 కిలోమీటర్లు. పది నింపాదిగా పరిగెత్తి, తర్వాత 3 కిలోమీటర్లు 5:41తో, ఒకటి మెల్లగా, మళ్లీ 3 అదే వేగంతో, చివరి ఐదు నింపాదిగా. కాగితం మీద ఇది తేలికగా కనిపిస్తుంది, తేలికగానే ఉండాలి. గడియారం చూడకుండా 5:41ని గుర్తుపట్టడం నేర్చుకోవడమే దీని ఉద్దేశం. రెండు వారాల తర్వాత 24 కిలోమీటర్లలో అయిదేసి కిలోమీటర్ల బ్లాకులు రెండు. ఇంకో రెండు వారాలకు 26 కిలోమీటర్లలో ఎనిమిది, ఒకటి మెల్లగా, ఆ తర్వాత ఐదు. అంటే మారథాన్ పేస్ మొత్తం 6 నుంచి 10కి, అక్కడి నుంచి 13కి చేరింది. వేగం మాత్రం ఒక్క సెకను కూడా మారలేదు. ఈ పద్ధతికి ప్రాణం అదే: పెరిగేది బ్లాక్ పొడవు, కదలకుండా ఉండేది పేస్. పోయినసారి బాగా సాగిందని ఈసారి 5:30తో పరిగెత్తేవారు పురోగతి సాధిస్తున్నామనుకుంటారు గానీ, నిజానికి వేరే వ్యాయామం చేస్తున్నారు.

నాలుగోది అసలు మలుపు. రేసుకు ఐదు వారాల ముందు, డిసెంబర్ మధ్యలో, 28 కిలోమీటర్లలో పదో కిలోమీటరు నుంచి 26వ కిలోమీటరు వరకు 16 కిలోమీటర్లు ఆగకుండా 5:41. అంకెల్లో పెరిగింది మూడు కిలోమీటర్లే అయినా, మధ్యలో ఊపిరి తీసుకునే ఆ ఒక్క కిలోమీటరు పోయింది. గంటన్నర పాటు వేగాన్ని ఎక్కడా వదలకూడదు. ప్రణాళికలో అతి పెద్ద దూకుడు ఇదే. కనుక ఆ వారం మరో వేగవంతమైన వ్యాయామం పెట్టకపోవడం మంచిది. ఐదోది, చివరిది, డిసెంబర్ చివరి ఆదివారం: 30 కిలోమీటర్లలో 18 మారథాన్ పేస్. మొత్తం సుమారు మూడు గంటలు పడుతుంది. నాలుగు గంటల రన్నర్‌కు ఇంతకు మించి పొడిగిస్తే లాభం కన్నా కోలుకునే ఖర్చే ఎక్కువ. రేసుకు ఇంకా మూడు వారాలు ఉంటాయి కాబట్టి కాళ్లు తేరుకుంటాయి. అదే సెషన్‌ను భయంతో మరో వారం వెనక్కి జరిపి జనవరి మొదటి ఆదివారం పరిగెత్తితే, ఆ అలసటలో కొంత ముంబై దాకా వెంట వస్తుంది. ఆ ఆదివారానికి 20 కిలోమీటర్లలో ఆరు మారథాన్ పేస్‌తో సరిపెట్టాలి. రేసుకు ముందటి ఆదివారం 13 కిలోమీటర్లలో మూడు చాలు.

ఈ ఐదింటి మధ్య వచ్చే ఆదివారాలు ఖాళీ కావు. వాటిలో ఒకటి రెండు 28 నుంచి 30 కిలోమీటర్ల నింపాది పరుగులు, రేసుకు నాలుగు వారాల ముందు మాత్రం 20 కిలోమీటర్లతో విశ్రాంతి. వరుస ఆదివారాల్లో బ్లాకులు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. మారథాన్ పేస్ లాంగ్ రన్‌ను "ఆదివారం పరుగు"గా కాక ఆ వారపు ప్రధాన కఠిన వ్యాయామంగా లెక్కవేయాలి. మంగళ, బుధవారాల్లో టెంపో రన్ ఉంటే దాన్ని సగానికి తగ్గించాలి. శుక్ర, శనివారాలు తేలికగా గడపాలి. సోమవారం విశ్రాంతి. బుధవారానికి కూడా మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తున్నాయంటే, ఆదివారం చేసింది ఎక్కువైందని అర్థం.

పేస్ సరైనదో కాదో తేల్చడానికి హార్ట్ రేట్ వాచీ ఉంటే చాలు. ఆ 16 కిలోమీటర్ల బ్లాక్‌ను రెండు సగాలుగా విడదీసి, ఒకే వేగం వద్ద సగటు గుండె వేగం చూడాలి. మొదటి ఎనిమిదిలో 154, తర్వాతి ఎనిమిదిలో 160 ఉంటే అది సహజమైన పెరుగుదలే. రెండో సగం 168 చూపిస్తే, పేస్ ఎక్కువైనా అయుండాలి, నీళ్లు తక్కువైనా అయుండాలి, లేదా ఎండ దెబ్బ తగలాలి. వాచీ లేనివారికి పాత పద్ధతి ఉంది. బ్లాక్ చివర్లో కూడా ఒక చిన్న వాక్యం తడబడకుండా చెప్పగలగాలి. ఒక్కో మాటకూ గాలి పీల్చాల్సి వస్తే అది మారథాన్ వేగం కాదు.

ఎండ విషయంలో హైదరాబాద్ రన్నర్ అదృష్టవంతుడు. డిసెంబర్ ఉదయాలు చల్లగా ఉంటాయి. విశాఖపట్నంలోనో చెన్నైలోనో సాధన చేసేవారికి తేమ వదలదు. వారు ఉక్కపోత రోజుల్లో కిలోమీటరుకు 10, 15 సెకన్లు వదులుకుని, గుండె వేగాన్నే కొలతగా పెట్టుకుంటే నష్టమేమీ లేదు. హైదరాబాద్ చలికి మరో చిక్కు ఉంది. అక్కడ హాయిగా సాగిన 5:41, అంతకన్నా వెచ్చగా, తేమగా ఉండే ముంబై ఉదయంలో అంత హాయిగా ఉండదు. అందువల్ల చివరి రెండు సెషన్లు అంచున కాకుండా, ఇంకా రెండు మూడు కిలోమీటర్లు పరిగెత్తగలననిపించే స్థితిలో ముగియాలి. చదునైన నెక్లెస్ రోడ్ మొదటి మూడు బ్లాకులకు బాగుంటుంది. చివరిదానికి మాత్రం 24, 25 కిలోమీటర్ల దగ్గర ఒక ఫ్లైఓవర్ తగిలేలా దారి ఎంచుకుంటే పెద్దర్ రోడ్ కొత్తగా అనిపించదు. అక్కడ పేస్‌ను కాకుండా శ్రమను స్థిరంగా ఉంచాలి. ఎక్కేటప్పుడు పది, పదిహేను సెకన్లు పోయినా ఫరవాలేదు.

తిండి సాధన కూడా ఈ బ్లాకుల్లోనే జరగాలి. రేసులో ఏ జెల్ తీసుకోబోతున్నారో అదే, అరగంట నుంచి 40 నిమిషాలకొకటి, నీళ్లతో కలిపి తీసుకోవాలి. నింపాది పరుగులో ఒప్పుకున్న కడుపు 5:41 వద్ద ఒప్పుకోకపోవచ్చు. అది డిసెంబర్‌లో తెలియాలి గానీ మెరైన్ డ్రైవ్ మీద కాదు.

ఇక ఆ 18 కిలోమీటర్ల సెషన్ విఫలమైతే? పన్నెండో కిలోమీటరుకే పేస్ 5:55కి జారి, ఎంత ప్రయత్నించినా తిరిగి రాకపోతే? ముందు కారణాలు వెతకాలి. ముందు రాత్రి నిద్ర, ఆ వారం జ్వరం, బయల్దేరడంలో ఆలస్యం, ఎండ. వీటిలో ఏదీ లేదంటే, అంతకు ముందు 16 కిలోమీటర్ల బ్లాక్‌లోనూ గుండె వేగం అదుపు తప్పి ఉంటే, సమాధానం తేలినట్టే. ఆ రన్నర్ లక్ష్యాన్ని 4 గంటల 10 నిమిషాలకు, అంటే కిలోమీటరుకు 5:55కి మార్చుకోవాలి. వారం తర్వాత అదే సెషన్‌ను పగబట్టినట్టు మళ్లీ చేయకూడదు. ఆ మూడు వారాల్లో కొత్త సత్తా రాదు, ఉన్నది పోగొట్టుకునే అవకాశం మాత్రం ఉంటుంది. 5:55తో మొదలుపెట్టినవారు 30వ కిలోమీటరు దగ్గర మిగులు కనిపిస్తే వేగం పెంచుకోవచ్చు. 5:41తో మొదలుపెట్టి పెద్దర్ రోడ్ దగ్గర నడక పట్టినవారు ఆ చివరి ఏడు కిలోమీటర్లలో పదిహేను, ఇరవై నిమిషాలు పోగొట్టుకుంటారు.