ఫోటోలో చిక్కుకున్న ఫీజుల పట్టిక

చాలా బడుల వెబ్‌సైట్లలో ఫీజుల పట్టిక ఫోటోగానే ఉంటుంది. చూపు మందగించిన తాతగారు దాన్ని పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. చూపు లేనివారికి తెరమీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చాలాసార్లు ‘ఇమేజ్’ అని ఊరుకుంటుంది. సెకనుకు 100 కిలోబిట్లే అందే ఊళ్లో 2 ఎంబీల ఫోటో రావడానికి రెండున్నర నిమిషాలు దాటుతుంది. అంతసేపు ఎవరు ఆగుతారు?

అదే పట్టికను టైపు చేస్తే వెయ్యి అక్షరాలున్నా కొన్ని కేబీలే. అరక్షణంలో వస్తుంది, ఎంత పెద్దది చేసినా చెదరదు.

టైపు మాత్రం యూనికోడ్‌లోనే చేయాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేసినది కంటికి తెలుగే అయినా, లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు, అంకెలు ఒకసారి సరిచూసుకోవాలి.

బడి భవనంలాంటివాటికి ఫోటో తప్పదు. అప్పుడు అందులో ఏముందో రాయండి:

```html
<img src="badi.jpg" alt="బడి భవనం, మెట్ల పక్కన ర్యాంపు">
```

ఇక్కడ ‘ఫోటో’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ర్యాంపు ఉందన్న మాటే ఒక తల్లికి కావలసిన సమాచారం కావచ్చు.