స్లైడు నుంచి సాఫ్ట్‌వేర్‌కి దాటేటప్పుడు

సాఫ్ట్‌వేర్ డెమో చూడ్డానికి కూర్చున్నవాళ్లు స్లైడ్లు నడుస్తున్నంతసేపూ వింటారు. సాఫ్ట్‌వేర్ తెర మీదికి వచ్చాక చూస్తారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే ఆ పది పదిహేను సెకన్లలోనే వాళ్ల చేతిలోంచి కథ జారిపోతుంది. స్లైడు మాయమై డెస్క్‌టాప్ బయటపడుతుంది. నాలుగైదు ఫోల్డర్లు, ఎవరిదో వాట్సాప్ మెసేజ్, ఆ వెనకే ముప్పై బటన్లున్న కొత్త తెర. ఇందాక విన్నదానికీ ఇప్పుడు కనిపిస్తున్నదానికీ సంబంధమేమిటో వాళ్లంతట వాళ్లే వెతుక్కోవాలి. వాళ్లింకా వెతుక్కుంటూ ఉండగానే చెప్పేవాడు ముందుకెళ్లిపోతాడు. అందుకే డెమో తయారుచేసేటప్పుడు స్లైడ్ల అందం కన్నా, సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ఫీచర్లు చూపించాలన్న లెక్క కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఈ దాటే చోట్ల సంగతి. ఎన్నిసార్లు దాటాలి, ఏ ప్రశ్నతో దాటాలి, ఏ జవాబుతో వెనక్కి రావాలి?

దీన్ని నేర్చుకోవడానికి ఇప్పటికీ మంచి పాఠం 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ చేసిన ఐఫోన్ ఆవిష్కరణ. ఆ వీడియోని జాబ్స్ మాటకారితనం కోసం చూసేవాళ్లే ఎక్కువ. ఈసారి వరస కోసం చూడండి. మొదట స్లైడ్ల మీద మూడు వస్తువుల పేర్లు చెబుతాడు: వెడల్పు తెర ఐపాడ్, మొబైల్ ఫోను, ఇంటర్నెట్ పరికరం. ఆ మూడూ ఒకటేనని చెప్పాక, ఐపాడ్ గురించి కొన్ని స్లైడ్లు, వెంటనే చేతిలో ఫోనుతో ఐపాడ్ డెమో. మళ్లీ స్లైడ్లు, ఫోను డెమో. మళ్లీ స్లైడ్లు, ఇంటర్నెట్ డెమో. ఇన్నిసార్లు అటూ ఇటూ దాటినా మనం మూడింటిలో ఎన్నోదానిలో ఉన్నామన్న సందేహం ఎక్కడా రాదు, ఎందుకంటే దాటే చోట్లన్నీ మొదట చెప్పిన ఆ మూడు పేర్ల దగ్గరే ఉన్నాయి. చివర్లో మూడూ కలిపి చూపిస్తాడు. పాట వింటుంటే ఫోనొస్తుంది, పాట తగ్గుతుంది. అవతలి మనిషి అడిగిన ఫొటోని మాట్లాడుతూనే మెయిల్లో పంపిస్తాడు. ఫోను పెట్టేయగానే పాట మళ్లీ అందుకుంటుంది. మొదటి స్లైడులో చేసిన వాదనకి రుజువు అక్కడ ఉంది.

తెర వెనక సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ రోజుకి ఐఫోన్ పూర్తిగా తయారు కాలేదు. పాటలో కొంత భాగం వినిపించగలదు గానీ మొత్తం పాట ఆగకుండా నడుస్తుందన్న నమ్మకం లేదు. ముందు మెయిల్ పంపి తర్వాత వెబ్ పేజీ చూస్తే బాగానే ఉండేది, తిరగేసి చేస్తే ఆగిపోవచ్చు. కాబట్టి ఇంజనీర్లు ఫోను పడిపోకుండా ఉండే ఒక క్రమాన్ని వెతికి పట్టుకున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గోల్డెన్ పాత్. మెమరీ నిండిపోతే మార్చుకోవడానికి వేదిక మీద ఒకటికి మించి ఫోన్లు పెట్టారు. ఫోను తెరని కెమెరాతో చూపించకుండా, ఫోన్లకి ప్రత్యేకంగా సర్క్యూట్ బోర్డు, వీడియో తీగ అమర్చి నేరుగా పెద్ద తెరకి కలిపారు. డెమోలో ఏ పని తర్వాత ఏ పని అన్నది కథ ఒక్కటే తేల్చదని ఇక్కడ తెలుస్తుంది. యంత్రం దేన్ని తట్టుకుంటుందన్నది కూడా తేలుస్తుంది. ఈ రెండు వరసలూ ఒకటయ్యేదాకా రిహార్సల్ చేయాలి.

ఇప్పుడు మన ఊళ్లలో రోజూ జరిగే మామూలు డెమోకి వద్దాం. విజయవాడలో మూడు మందుల షాపులున్న ఒక యజమానికి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చూపించాలనుకోండి. చేతిలో అరగంట ఉంది. మామూలుగా జరిగేదేమిటంటే పదిహేను స్లైడ్లు, ఆపైన లాగిన్ నుంచి మొదలుపెట్టి మెనూలో ఉన్నవన్నీ వరసగా. అలా కాకుండా ఒకే ఒక్క సరుకుని పట్టుకుని అరగంటా దాని వెంట నడవండి. అజిత్రోమైసిన్ 500, బ్యాచ్ నంబరు AZ2417, పటమట షాపులో 12 స్ట్రిప్పులు. గడువు ఇంకా యాభై రోజులే ఉంది. అదే రోజు బెంజ్ సర్కిల్ షాపువాళ్లు అదే మందు కొత్తగా 20 స్ట్రిప్పులు ఆర్డరు పెడుతున్నారు. ఒక షాపులో పాడైపోతుంటే ఇంకో షాపులో కొంటున్నారు. ఇది ఆ యజమానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేని నష్టం.

మొదటి స్లైడులో మూడు షాపుల పేర్లు, పటమట పక్కన 12, బెంజ్ సర్కిల్ పక్కన 20, అంతే. కింద ఒక ప్రశ్న: ఈ 12 సంగతి పొద్దున్నే మీకెలా తెలుస్తుంది? ఆ ప్రశ్న నోటితో కూడా చదివి, ఒక్క వాక్యం కలపాలి: “ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తున్నాం సార్, కుడివైపు ఎర్రటి జాబితా ఒకటి వస్తుంది, మొదటి వరస చూడండి.” ఈ వాక్యం తెర మారకముందే చెప్పాలి. మారాక చెబితే అప్పటికే ఆయన కళ్లు ఎడమవైపు మెనూలో ఉంటాయి.

తెర మారగానే AZ2417, 12, పటమట కనబడాలి. లాగిన్ పేజీ గాని, ఖాళీ డ్యాష్‌బోర్డు గాని కనబడకూడదు. అంటే మీటింగు మొదలవకముందే లాగిన్ అయి, ఆ పేజీ తెరిచి ఉంచుకోవాలి. ఎలా వచ్చిందన్నది తర్వాత, ముందు వచ్చిన ఫలితం చూపించాలి. డెమోల మీద ‘గ్రేట్ డెమో’ అన్న పుస్తకం రాసిన పీటర్ కోహన్ గట్టిగా చెప్పేది ఇదే, చివరి పని మొదట చేయమని. ఫలితం చూసిన మనిషికి అది ఎలా వచ్చిందో తెలుసుకోవాలని తనంతట తనకే అనిపిస్తుంది.

అయిదు నిమిషాల్లో స్లైడుకి తిరిగి రావాలి. అదే మూడు షాపుల బొమ్మ, అదే 12, ఇప్పుడు ఎర్రరంగులో. ప్రశ్న మాత్రం మారింది: గడువు సంగతి సాఫ్ట్‌వేర్‌కి ఎవరు చెప్పారు? రెండోసారి దాటి కొనుగోలు ఎంట్రీ చూపిస్తారు, డిస్ట్రిబ్యూటర్ బిల్లులోంచి బ్యాచ్ నంబరు, గడువు ఎక్కించే చోటు. మళ్లీ అదే బొమ్మ, పటమట నుంచి బెంజ్ సర్కిల్‌కి ఒక బాణం. మూడోసారి దాటి ఆ 12 స్ట్రిప్పులు బదిలీ చేసి, బెంజ్ సర్కిల్‌లో రెండు స్ట్రిప్పులకి బిల్లు కొట్టి, మిగిలింది 10 అని చూపిస్తారు. చివరి స్లైడులో బెంజ్ సర్కిల్ పక్కన 10 ఉంటుంది, కొత్త ఆర్డరు 20 బదులు 8 ఉంటుంది.

మూడుసార్లు దాటడం చాలు. అరగంటలో ఏడెనిమిదిసార్లు దాటితే వినేవాడికి ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టినట్టే ఉంటుంది. స్లైడులో ఉన్న అంకె, తెరలో కనబడే అంకె ఒకటే కావాలి. స్లైడులో అందంగా గుండ్రటి అంకెలు రాసి, సాఫ్ట్‌వేర్‌లో ‘టెస్ట్ ఐటమ్ 1’ చూపిస్తే అవి రెండు వేర్వేరు కథలైపోతాయి. దారం తెగిందని ఎలా తెలుస్తుంది? “బాబూ, ఇది ఇందాక చూపించిన మందేనా?” అని ఆయన అడిగితే తెగినట్టు. ప్రశ్న మందు గురించి కాకుండా పక్కనున్న బటన్ల గురించి వస్తున్నా తెగినట్టే. “పోతే ఆ పది కూడా అమ్ముడవకపోతే వాపసు పంపొచ్చా?” అన్నాడంటే మీతోపాటే నడుస్తున్నాడు.

ఇక యంత్రం సంగతి. విండోస్‌లో రెండు డెస్క్‌టాప్‌లు పెట్టుకుని, ఒకదానిలో స్లైడ్ షో, రెండోదానిలో బ్రౌజరు పూర్తి తెరలో నడిపితే, Ctrl + Windows + → నొక్కగానే ఒకటి జరిగి ఇంకోటి వస్తుంది. మధ్యలో ఏ ఫోల్డరూ కనబడదు. స్లైడ్ షో ఆపకూడదు, ఆపితే తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మొదటి స్లైడు దగ్గర తేలే ప్రమాదం ఉంది. మాట్లాడుతూ తెర మీంచి చూపు తప్పించాలంటే పవర్‌పాయింట్ షోలో B నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడు వస్తుంది. బ్రౌజరులో Ctrl, + నొక్కి అక్షరాలు పెద్దవి చేసుకోవాలి. మీ ల్యాప్‌టాప్ మీద చక్కగా కనబడే స్టాక్ పట్టిక ఆరడుగుల దూరంలో కూర్చున్న అరవై ఏళ్ల యజమానికి చీమల బారు.

ఆన్‌లైన్ మీటింగులో ఇంకో చిక్కు ఉంది. షేర్ చేసేటప్పుడు పవర్‌పాయింట్ విండో ఒక్కటే ఎంచుకుంటే, మీరు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినా అవతలివాళ్లకి పాత స్లైడే కనబడుతుంది. మీరు జాబితా అంటారు, వాళ్లు బొమ్మ చూస్తుంటారు, మర్యాదకి ఎవరూ చెప్పరు. మొత్తం తెర షేర్ చేయాలి, నోటిఫికేషన్లు ఆపేయాలి, అవతలివైపు మీ మనిషి ఒకరు కూర్చుని ప్రతిసారీ “వచ్చింది” అని చెప్పాలి.

డెమోలు ఎక్కువగా దెబ్బతినేది ఎవరూ అనుకోని చోట, డేటా దగ్గర. నిన్న రిహార్సల్లో ఆ 12 స్ట్రిప్పులు బదిలీ చేసేశారు. ఈ రోజు పటమటలో సున్నా ఉంటుంది, ఎర్ర జాబితా ఖాళీ. కాబట్టి డెమోకి వేరే డేటాబేసు ఉండాలి, దాని బ్యాకప్ తీసి ఉంచి, ప్రతి రిహార్సల్ తర్వాతా దాన్నే తిరిగి ఎక్కించాలి. తేదీల చిక్కు ఇంకా సూక్ష్మం. జూన్‌లో తయారుచేసిన డెమోని సెప్టెంబరులో చూపిస్తే యాభై రోజుల గడువు ఎప్పుడో దాటిపోయి, ఆ బ్యాచ్ గడువు తీరినవాటిలో తేలుతుంది. స్లైడు చెప్పే కథకి తెర అడ్డం తిరుగుతుంది. బ్యాకప్ ఎక్కించిన రోజునే గడువు తేదీని ఆ రోజు నుంచి లెక్కగట్టి మార్చుకోవాలి.

ఇన్ని చూసుకున్నా ఇంటర్నెట్ పోవచ్చు. 2010 జూన్‌లో ఐఫోన్ 4 చూపిస్తున్నప్పుడు జాబ్స్‌కే వైఫై అందక పేజీ తెరుచుకోలేదు, హాల్లో ఉన్నవాళ్లని వైఫై ఆపమని అడగాల్సి వచ్చింది. అందుకని మూడు ఘట్టాలకీ ముందే తెర ఫొటోలు తీసి, స్లైడ్ల చివర 31, 32, 33 నంబర్ల దగ్గర పెట్టుకోండి. షో నడుస్తుండగా 32 కొట్టి Enter నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. ఆ ఫొటోల్లోనూ AZ2417, 12 ఉండాలి, పాత డెమోవి పనికిరావు. పేజీ కోసం పది సెకన్లకి మించి ఎదురుచూడకండి. “నెట్ రావడం లేదు సార్, ఇదే తెర ఫొటోలో చూద్దాం” అని చెప్పేసి దాటిపోతే కథ ఆగదు. నిమిషం పాటు రీఫ్రెష్ కొడుతూ నిలబడితే మాత్రం, పేజీ వచ్చేసరికి ఆయన ఫోనులో ఉంటాడు.

మధ్యలో వచ్చే ప్రశ్నలకి ఒకే పద్ధతి. జవాబు ముందున్న దారిలోనే ఉంటే “బదిలీ దగ్గర చూపిస్తాను” అనాలి, ఆ చోటికి వచ్చాక “మీరడిగింది ఇదే సార్” అని తప్పకుండా గుర్తు చేయాలి. దారిలో లేనిదైతే, ఉదాహరణకి జీఎస్టీ రిపోర్టు, కాగితం మీద ఆయన ఎదుటే రాసుకుని, మూడో ఘట్టం అయ్యాక తెరవాలి. ఆ క్షణంలో వెళ్లి తెరిస్తే తిరిగొచ్చేసరికి 12 స్ట్రిప్పులు ఎవరికీ గుర్తుండవు. ప్రశ్నల సమయానికి తెర మీద ధన్యవాదాల స్లైడు పెట్టడం అలవాటుగా జరుగుతుంది. దాని బదులు సాఫ్ట్‌వేర్‌లోనే, బెంజ్ సర్కిల్‌లో పది స్ట్రిప్పులు కనబడుతున్న ఆ పేజీ దగ్గరే ఉండిపోండి. ఆయన అడిగే ప్రతి ప్రశ్నా వేలు పెట్టి చూపించడానికి వీలున్న తెర అదొక్కటే.