ఓణీల ఫంక్షన్‌కి వీడియో మాట్లాడుకునే ముందు



వేసవి సెలవులు దగ్గరపడుతుంటే ఆరు, ఏడు తరగతుల టీచర్లకి ఓణీల ఫంక్షన్ శుభలేఖలు రావడం మొదలవుతుంది. హాలు, వంటవాళ్లు, డెకరేషన్ మాట్లాడుకునేటప్పుడు మీరు ఎంతో జాగ్రత్తగా ఉంటారు. వీడియో దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది ఒక నిమిషం టీజర్ చూసి, బాగుందని అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ ఒక్క నిమిషం చూసి మనిషి పని తెలుసుకోవడం కష్టం. ఐదు గంటలు తీసినదాంట్లోంచి బాగా వచ్చిన ముప్పై ముక్కలు ఏరి, పాట కలిపి, స్లో మోషన్‌లో పెడితే ఎవరి పనైనా బాగానే కనిపిస్తుంది.

అందుకే శాంపిల్ అడిగేటప్పుడు ఇలా అడగండి: "ఈ మధ్య మీరు చేసిన ఏదైనా ఒక ఫంక్షన్ ఫుల్ వీడియో చూపించండి. హాల్లో, సాయంత్రం లైట్లలో తీసినదైతే మంచిది." ఇద్దరు ముగ్గుర్ని ఇదే అడిగితే పోల్చడం సులువు. ఫోన్‌లో కాకుండా టీవీలో పెట్టుకుని, ఒక పది నిమిషాలు మధ్యలోంచి చూడండి. అక్షింతలు వేసే చోటు చూస్తే చాలు. వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ ఉంటే దాని మీద నల్లటి గీతలు పైకీ కిందకీ పాకుతున్నాయా? కెమెరా షట్టర్ వేగం, స్క్రీన్ వేగం పొసగనప్పుడు అలా వస్తుంది. తీసేటప్పుడే సరిచేసుకోవాల్సిన విషయం ఇది, ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. స్టేజి మీది లైట్లకి పాప ముఖం తెల్లగా పాలిపోయి, పక్కనున్న నాయనమ్మ ముఖం చీకట్లో ఉండిపోయిందా? దీవించడానికి వచ్చినవాళ్ల ముఖాలు కనిపిస్తున్నాయా, వీపులా?

తర్వాత సౌండ్. పది నిమిషాల్లో ఒక్కసారైనా మనుషుల మాట వినిపించాలి. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే ఉంటే, అసలు శబ్దం సరిగ్గా రికార్డు కాలేదేమో అడగండి. కెమెరాకి ఉన్న మైకు ఒక్కదాన్నే నమ్ముకుంటే మేళం, జనం గోల తప్ప మరేమీ పడదు. పంతులుగారి దగ్గరో, పీట దగ్గరో చిన్న కాలర్ మైకు పెట్టేవాళ్లు ఉన్నారు. అది పెద్ద ఖర్చేమీ కాదు.

శాంపిల్ నచ్చాక ఇంకొకటి అడగాలి: "ఇది తీసింది మీరేనా? మా ఫంక్షన్‌కి వచ్చేది ఎవరు?" మంచి ముహూర్తం రోజున ఒక స్టూడియోకి నాలుగైదు బుకింగులు ఉంటాయి. అప్పుడు వేరే ఊరి నుంచి మనుషుల్ని పిలిపిస్తారు. అది తప్పేమీ కాదు. వచ్చేవారి పని కూడా ముందే చూపించమనడంలోనూ తప్పు లేదు.

ఇక ధర. పోల్చడానికి ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు ఊరిని బట్టి మారతాయి. ఒకరు 40 వేలు, మరొకరు 52 వేలు అన్నారనుకుందాం. పైకి 12 వేలు తేడా. మొదటాయన ఇచ్చేది ఒక్క వీడియో కెమెరా. రెండోది కావాలంటే 8 వేలు, రా ఫుటేజ్‌కి మరో 5 వేలు. మొత్తం 53 వేలు. రెండో ఆయన ఆ రెండూ కలిపే చెప్పారు, హార్డ్ డిస్క్ మాత్రం మనం ఇవ్వాలి. డిస్క్ ఖర్చు సంగతి అలా ఉంచితే, ఇద్దరి ధరా దాదాపు ఒకటే. రెండో కెమెరా ఎందుకంటారా? మేనమామ ఓణీ ఇచ్చే ఘట్టంలో ఒకటి స్టాండు మీద కదలకుండా మొత్తం దృశ్యం పట్టుకుంటుంది, రెండోది ముఖాల దగ్గరికి వెళ్తుంది. ఒకే కెమెరా అయితే దగ్గరికి వెళ్లిన ఆ నిమిషంలో మిగతాదంతా పోయినట్టే. డ్రోన్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలని నా అభిప్రాయం.

రా ఫుటేజ్ అంటే ఎడిటింగ్ చేయకముందు కెమెరాలో పడింది పడినట్టు. "మాకెందుకు, ఎడిట్ చేసింది చాలు" అనుకుంటాం. మా స్కూల్లోనే ఒక అమ్మగారి విషయం చెబుతాను. వాళ్ల పాప ఫంక్షన్‌లో అమ్మమ్మగారు మంగళహారతి పాడారు. వీడియో వచ్చాక చూస్తే హారతి దృశ్యం ఉంది, మీద సినిమా పాట ఉంది. అసలు గొంతు కావాలని ఆమె స్టూడియోకి వెళ్లేసరికి ఫంక్షన్ అయి నాలుగు నెలలు. కార్డులు వేరే బుకింగులకి వాడేశారు, డిస్క్‌లో చోటు లేక ఫైళ్లు తీసేశారు. వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం. ఎన్నాళ్లు దాచాలో ఎవరూ అనుకోలేదు మరి.

దాచడం ఎందుకు కష్టమో లెక్క చూస్తే తెలుస్తుంది. 4కే వీడియో సెకనుకి 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. పొద్దున మంగళస్నానం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, రెండు కెమెరాలు ఆపకుండా తిరిగాయనుకుంటే 450 జీబీ. మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టదు. ఒక టీబీ హార్డ్ డిస్క్ ముందే కొని, ఫంక్షన్ రోజునే వాళ్ల చేతికి ఇవ్వండి. వారంలో కాపీ తీసుకోండి. తీసుకున్న రోజే రెండు కెమెరాల ఫోల్డర్లూ ఉన్నాయో లేదో చూసి, మొదటి క్లిప్, మధ్యలో ఒకటి, చివరిది తెరిచి సౌండ్‌తో సహా వినండి.

కొందరు రా ఇవ్వడానికి ఇష్టపడరు. సరిగ్గా రాని షాట్లు బయటికి వస్తే తమ పేరు పోతుందని వాళ్ల భయం. అది న్యాయమైనదే, ఎక్కడా పోస్ట్ చేయమని మాట ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి మనం తీయించుకున్న వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారులం మనమే. అయినా చట్టం చదివి వినిపించి ఎడిటింగ్ చేయించుకోవడం కన్నా, అడ్వాన్స్‌కి ముందే అనుకోవడం మంచిది. మీ అమ్మాయి వీడియో వాళ్ల ఇన్‌స్టా పేజీలో పెట్టొచ్చా లేదా అన్నది కూడా అప్పుడే చెప్పేయండి.

గడువు దగ్గర గొడవలు ఎక్కువగా ఒక్క మాట వల్ల వస్తాయి. "నలభై ఐదు రోజులు" అంటే మనం ఫంక్షన్ రోజు నుంచి లెక్కపెడతాం, వాళ్లు మనం ఆల్బమ్ ఫొటోలు ఏరి ఇచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. రెండు వేల ఫొటోల్లో మూడు వందలు ఏరడానికి మన ఇళ్లలో రెండు నెలలు పడుతుంది! కాబట్టి వీడియో గడువుని ఆల్బమ్‌తో ముడిపెట్టకండి.

ఇదంతా స్టాంపు పేపర్ మీద అక్కర్లేదు. అడ్వాన్స్ పంపేముందు వాట్సాప్‌లో ఇలా పెట్టి, ఆయన "ఓకే" అన్నాక డబ్బు పంపండి:

"అన్నా, మనం అనుకున్నవి: పొద్దున ఇంటి దగ్గర, సాయంత్రం హాల్లో తొమ్మిదిన్నర దాకా. రెండు వీడియో కెమెరాలు, కాలర్ మైకు. టీజర్ పది రోజుల్లో. రెండు గంటల ఫుల్ వీడియో ఫంక్షన్ రోజు నుంచి 45 రోజుల్లో. హారతికి, దీవెనలకి అసలు సౌండ్ ఉంచాలి. రెండుసార్లు కరెక్షన్లు. రా ఫుటేజ్ మా డిస్క్‌లో వారంలో. అది మేం చూసుకుని చెప్పేదాకా మీ దగ్గర కాపీ తీసేయొద్దు. మొత్తం 52 వేలు: ఇప్పుడు 15, ఫంక్షన్ రోజు 20, ఫుల్ వీడియో ఇచ్చాక 17."

చివరి 17 వేలు చేతిలో ఉంటే గడువు గుర్తుచేయడం తేలిక. ఆ మెసేజ్‌తోపాటే పాప పేరు, తాతయ్య, అమ్మమ్మల పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో టైప్ చేసి పంపండి. ఫోన్‌లో చెబితే టైటిల్స్‌లో ఏ స్పెల్లింగ్ వస్తుందో, హాజరు పట్టీలు రాసే మాకు బాగా తెలుసు.