తెల్లవారితే గురువారం: పెళ్లి వివరాలను గంటల పట్టికగా రాయడం

పెళ్లికి పిలిచేటప్పుడు కార్యక్రమాలన్నీ ఒకే పేరాలో రాసి బంధువులకు పంపడం చాలా ఇళ్లలో అలవాటు. రాసినవారికి అంతా మనసులో ఉంటుంది కనుక అది స్పష్టంగానే తోస్తుంది. చదివే అతిథికి మాత్రం ఏ గంటకు తానెక్కడ ఉండాలో అందులోంచి ఏరుకోవలసి వస్తుంది. ఆ ఏరే పనిని ముందే చేసి ఇవ్వడమే పట్టిక. రాత్రి ముహూర్తమున్న తెలుగు పెళ్లిలో ఈ పనికి ఎంత జాగ్రత్త కావాలో ఒక నమూనాలో చూడవచ్చు. విజయవాడలోని మగపెళ్లివారు తమ బంధువులకు ఇలా రాశారనుకుందాం:

"ఈ నెల 16వ తేదీ బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 2 గంటల 47 నిమిషాలకు సుముహూర్తం. పెళ్లి రాజమహేంద్రవరంలో, కల్యాణ మండపంలో. ఆరింటికి ఎదురుకోలు, అది అయ్యాక రిసెప్షన్, ఏడున్నర నుంచి భోజనాలు. స్నాతకం, గౌరీపూజ భోజనాల తర్వాత. ఎనిమిదిన్నరకు అప్పగింతలు. మన బస్సు విజయవాడలో పన్నెండింటికి బయల్దేరుతుంది, తిరుగు ప్రయాణం ఎనిమిదింటికి. శుక్రవారం పదకొండింటికి మన ఇంట్లో సత్యనారాయణ వ్రతం."

ఇందులో అన్నిటికంటే పెద్ద చిక్కు మొదటి వాక్యంలోనే ఉంది. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది. అందుకే రాత్రి 2.47కు ఇంకా బుధవారమే. గడియారం, రైలు టికెట్టు, హోటల్ గది మాత్రం అర్ధరాత్రికే తేదీ మార్చేస్తాయి. వాటి లెక్కలో అది 17వ తేదీ గురువారం. "గురువారం పెళ్లి" అని గుర్తుపెట్టుకున్న అతిథి గురువారం సాయంత్రానికి దిగితే అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి. "16న" అని మాత్రమే గుర్తున్నవారు 15వ తేదీ అర్ధరాత్రి దాటాక 2.47 అనుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి పట్టికలో గడియారపు తేదీనే వాడాలి, అర్ధరాత్రి దగ్గర అడ్డంగా ఒక వరుస గీసి కొత్త తేదీ రాయాలి. శుభలేఖలోని "తెల్లవారితే" అన్న మాట ముహూర్తం వరుసలో పక్కనే ఉంచితే పెద్దవాళ్లకు పోలిక దొరుకుతుంది.

తర్వాతి పని, పేరాలోని ఒక్కో కార్యక్రమాన్ని విడదీసి విడివిడి వరుసల్లో రాసుకోవడం. పేరా వరుస వేరు, కాలం వరుస వేరు. ముహూర్తానికి ఉన్న గౌరవం కొద్దీ అది ముందుకు వచ్చింది. అతిథి అందరికంటే ముందు అందుకోవలసిన బస్సేమో దాదాపు చివరికి పోయింది. కంప్యూటరులో ఎక్సెల్ వంటి దానిలో క్రమం పెట్టేవారు ఇక్కడ ఒకటి గమనించాలి. గడిలో సమయం మాత్రమే నింపి క్రమం పెట్టమంటే 2.47 అన్నిటికంటే పైకి, ఎదురుకోలు కంటే ముందుకు వెళ్లి కూర్చుంటుంది. తేదీ, సమయం కలిపి ఒకే గడిలో ఉంటేనే వరుస సరిగా వస్తుంది.

ఇలా విడదీశాక సమయాలు మూడు రకాలుగా తేలతాయి. ముహూర్తం నిమిషంతో సహా స్థిరం. దాన్ని 2.45 అనో 3 గంటలనో గుండ్రం చేయకూడదు. ఎదురుకోలు, భోజనాల వంటివి గంట చెప్పినవే అయినా కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. "అయ్యాక", "తర్వాత" అని మాత్రమే ఉన్నవాటికి అసలు గంటే లేదు. వీటిని పట్టిక రాసేవారు ఊహించి నింపితే అతిథి దాన్ని ఖాయమనుకుంటాడు. పెళ్లి తంతు ఎంతసేపు పడుతుందో ప్రాంతాన్ని, శాఖను, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది కనుక ఆ పురోహితుణ్ణే అడగాలి. జీలకర్ర బెల్లం పెట్టించేది సుముహూర్తానికే. కన్యాదానం వంటివి ముందే పూర్తి కావాలి కాబట్టి ఆయన ముహూర్తం నుంచి వెనక్కి లెక్క వేసి పీటల మీద కూర్చోవలసిన గంట చెబుతాడు. మాంగల్యధారణకు, తలంబ్రాలకు ముందుకు లెక్క వేస్తాడు. ఆయన చెప్పినదాని పక్కన కూడా "సుమారు" అని రాయడమే నిజాయితీ.

విడదీసినప్పుడే పేరాలో దాగిన పొరపాట్లు బయటపడతాయి. ఇక్కడ అప్పగింతలు ఎనిమిదిన్నరకు, తిరుగు బస్సు ఎనిమిదింటికి. రెండూ పక్కపక్క వరుసల్లోకి రాగానే పొసగవని కనిపిస్తుంది. దీన్ని తమంతట తాము సర్దకుండా పెళ్లివారిని అడగాలి. ఈ నమూనాలో వారు బస్సును తొమ్మిదిన్నరకు మార్చారు. మిగిలిన గంటలు కూడా వారిని, పురోహితుణ్ణి అడిగి నింపితే పట్టిక ఇలా వస్తుంది:

| సమయం | కార్యక్రమం | ఎక్కడ |
|---|---|---|
| 16వ తేదీ, బుధవారం | | |
| మధ్యాహ్నం 12.00 | బస్సు బయల్దేరుతుంది (11.30కల్లా రావాలి) | విజయవాడ |
| సాయంత్రం 4.00 సుమారు | చేరడం, ఫలహారం | విడిది |
| సాయంత్రం 6.00 | ఎదురుకోలు | మండపం |
| రాత్రి 7.00 సుమారు – 10.00 | రిసెప్షన్ | మండపం వేదిక |
| రాత్రి 7.30 – 10.00 | భోజనాలు | భోజనశాల |
| రాత్రి 10.30 సుమారు | స్నాతకం, గౌరీపూజ (దగ్గరి బంధువులు) | మండపం |
| రాత్రి 11.00 నుంచి | మిగిలినవారికి విశ్రాంతి | విడిది |
| 17వ తేదీ, గురువారం (అర్ధరాత్రి దాటాక) | | |
| రాత్రి 1.30 సుమారు | పీటల మీద తంతు మొదలు | మండపం |
| రాత్రి 2.47 | సుముహూర్తం, జీలకర్ర బెల్లం (2.15కల్లా కూర్చోవాలి), శుభలేఖలో "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం" | మండపం |
| రాత్రి 3.30 సుమారు | మాంగల్యధారణ, తలంబ్రాలు | మండపం |
| ఉదయం 6.30 – 8.00 | టిఫిన్ | భోజనశాల |
| ఉదయం 8.30 | అప్పగింతలు | మండపం |
| ఉదయం 9.30 | తిరుగు బస్సు | మండపం ద్వారం |
| 18వ తేదీ, శుక్రవారం | | |
| ఉదయం 11.00 | సత్యనారాయణ వ్రతం | విజయవాడ, వరుడి ఇల్లు |

గంటల పట్టిక అంటే ప్రతి గంటకూ ఒక వరుస ఉండాలని కాదు. ఏ గంటకు ఏం చేయాలన్న ప్రశ్న మిగలకూడదు, అంతే. పేరాలో ఎక్కడా లేని విశ్రాంతి వరుస ఇందులో చేరింది అందుకే. రాత్రి పదకొండు నుంచి ముహూర్తం దాకా పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవారికి దిక్కుతోచని సమయం అదే. రిసెప్షన్, భోజనాలు ఒకే వేళ జరుగుతున్నా రెండు వరుసలు ఉంచడం మంచిది, ఎందుకంటే చోట్లు వేరు. విడిదెణ్ణి కడిగే మనిషి, పూలవాళ్లు, వంటవాళ్లు వచ్చే వేళలు మాత్రం ఇందులో చేర్చకూడదు. అవి ఇంటివారి పట్టికకు చెందినవి.

అమెరికాలో ఉండి ప్రత్యక్ష ప్రసారం చూసే బంధువులకు వేరే గడి కావాలి. న్యూయార్క్ కాలమానం మన కంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. కాబట్టి ఈ ముహూర్తం అక్కడ వేసవిలో బుధవారం సాయంత్రం 5.17, చలికాలంలో 4.17. వారికి తేదీ బుధవారమే.

పట్టికను వాట్సాప్‌లో అక్షరాలుగా పంపితే గళ్లు చెదిరిపోతాయి. బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపాలి. పంపేముందు పెళ్లి సంగతి తెలియని ఒకరికి చూపించి, బస్సు ఏ రోజు, ముహూర్తానికి ఏ తేదీ రాత్రి మేలుకోవాలి అని అడిగితే చాలు, లోపముంటే వారి జవాబులోనే తెలుస్తుంది. ఆ తర్వాత ఏదైనా గంట మారితే ఆ ఒక్క మార్పే సందేశంగా పెట్టకుండా పట్టిక మొత్తం మళ్లీ పంపి, ఏ రోజు సవరించిందో పైన రాయండి. లేకపోతే చాలామంది ఫోనులో దాచుకున్న పాత పట్టికనే నమ్ముకుని బయల్దేరతారు.