గోడలో పైపుకు గుడ్డ ఎందుకు?

ఉష్ణ వ్యాకోచం పాఠంలో రైలు పట్టాల సందు రాకుండా ఉండదు. పోయినేడు కోటగిరిలో ఆ పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, పట్టాలకు సందు ఇడుస్తరు గదా, మరి గోడల పైపుకు ఎందుకు ఇడువరు?" వాళ్లింట్లో అప్పుడే గీజరు పెట్టిస్తున్నారట. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అదే సందు వదలక, అంతకు నెల ముందే నా బాత్రూం గోడ పగలగొట్టించాను.

మా ఇంట్లో గీజరు నుంచి షవర్ దాకా రెండు మీటర్ల సీపీవీసీ పైపు గోడలో అడ్డంగా పోతుంది. చివర ఎల్బో, దానికి ఇత్తడి మర. గాడి కొట్టి పైపు పెట్టి, ఎల్బో చుట్టూ సిమెంటు గట్టిగా కూరారు. రెండేళ్లకు గోడ అవతలి పక్క పడకగదిలో చెమ్మ మచ్చ కనిపించింది. ఒక వింత ఏమిటంటే, మచ్చ తెల్లవారుజామున తడిగా ఉండేది. గీజరు వేసి స్నానాలయ్యాక ఆరిపోయేది.

పాత జీఐ పైపుతో ఈ వింత ఉండేది కాదు. ఉక్కు, కాంక్రీటు వేడికి దాదాపు ఒకే లెక్కలో పెరుగుతాయి. మీటరు పొడవుకు, ఒక్క డిగ్రీకి మిల్లీమీటరులో నూరో వంతు, లేదా కాస్త ఎక్కువ. కాంక్రీటులో ఇనుప చువ్వలు ఇమిడి ఉండగలగడానికి ఒక కారణం ఇదే. చలికాలం 18 డిగ్రీల నీళ్లు గీజరులో 60కి చేరాయనుకోండి. రెండు మీటర్ల జీఐ పైపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. గోడ దాన్ని ఓర్చుకుంటుంది. అదే పొడవు సీపీవీసీ అయితే అయిదున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది.

జీఐకి శత్రువు తుప్పు. మర కోసినప్పుడు అక్కడ జింకు పూత పోయి, పైపు మందం కూడా తగ్గుతుంది. అందుకే తుప్పు మొదట జాయింటు దగ్గరే పట్టేది. పాత మేస్త్రీలు గోనెగుడ్డ చుట్టి తారు పూసింది చెమ్మ నుంచి ఆ చోటును కాపాడటానికి. సీపీవీసీకి తుప్పు లేదు. దానికీ చుట్టు కావాలి, కానీ కదలడానికి. చేసే పని మారింది, అలవాటు మారలేదు. కొందరు ఇప్పటికీ ప్లాస్టిక్ పైపు మీద నల్ల పూత వేస్తారు. కిరోసిన్, థిన్నర్ లాంటివి కలిసిన పూతలు సీపీవీసీలో సన్న పగుళ్లు తెస్తాయి. మెత్తటి ఫోమ్ చుట్టు మేలు.

ఇక తెల్లవారుజాము చెమ్మ. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. వేడెక్కిన పైపు పొడవు పెరగాలని చూస్తుంది, ఎల్బోను సిమెంటు కదలనివ్వదు. పైపు ఒత్తిడిలో పడుతుంది. ప్లాస్టిక్కుకు ఓ గుణం ఉంది: వేడిలో చాలాసేపు నొక్కి పట్టుకుంటే, ఆ నొక్కుడుకు మెల్లగా లొంగి సర్దుకుంటుంది. తర్వాత చల్లారి కుంచించుకునేటప్పుడు మాత్రం, అప్పుడు సర్దుకున్న చోటు నుంచి మొదలుపెట్టి కుంచించుకుంటుంది. అంటే పైపు ఇప్పుడు ఉండాల్సినదానికంటే పొట్టి. రెండు చివరలూ సిమెంటులో బిగుసుకున్నాయి కాబట్టి జాయింటును లాగుతుంది. రోజూ ఒకసారి నొక్కు, ఒకసారి లాగు. బలమైన పైపుకు ఏమీ కాదు. ప్లాస్టిక్, ఇత్తడి కలిసే చోట సందు పడుతుంది. చల్లారితే తెరుచుకుంటుంది, వేడెక్కితే మూసుకుంటుంది. గోడ పగలగొట్టాక ఆ చోటే కారుతూ కనిపించింది.

మళ్లీ వేసినప్పుడు పైపు పొడవునా ఫోమ్ చుట్టించాను. ఎల్బో వెనక, పక్కన వేలు మందం ఫోమ్ పెట్టించి, కుళాయి మర ఉన్న చివరనే గోడకు బిగించమన్నాను. ఒక చోట పట్టు ఉండాలి, మిగతాది జారాలి. పై అంతస్తుకు పోయే పైపు శ్లాబులో పోయే చోట ఒక సైజు పెద్ద పైపు ముక్క స్లీవ్‌గా వేసి, మధ్య సందులో సిమెంటు కాక మెత్తటి సీలెంట్ నింపించాను. శ్లాబు లోపల జాయింటు లేకుండా ఒకే పైపు ముక్క పోవాలి.

గాడికీ హద్దుంది. ఇటుక గోడలో నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. నాలుగున్నర అంగుళాల గోడలో ఆరో వంతు 19 మిల్లీమీటర్లే. ముప్పావు అంగుళం సీపీవీసీ బయటి కొలతే 22. ఫోమ్‌కు చోటెక్కడిది? అలాంటి గోడలో పైపు నిలువుగానే పోవాలి.

సీపీవీసీ వచ్చిన కథ చిన్నదే. 1950ల చివర అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థ తెచ్చిన ఈ ప్లాస్టిక్, 1990ల చివర్లో మన దేశానికి చేరి, జీఐని గోడల్లోంచి తరిమేసింది.

గోడకు ప్లాస్టర్ వేసే ముందు, జాయింట్లు ఒక రోజు ఆరనిచ్చి, పది కిలోల ఒత్తిడి పెట్టి గంటసేపు ముల్లు చూడండి. ఆపైన గాడి పక్కన టేపు పరిచి ఫొటో తీసి దాచుకోండి. తర్వాత అద్దం బిగించేవాడు డ్రిల్ పట్టుకొచ్చినప్పుడు అక్కరకొస్తుంది.